మూత్రం స్ట్రిప్‌లో కీటోన్లు, గ్లూకోజ్: గర్భంలోనూ ఉపవాసంలోనూ ఎలా చదవాలి?

పద్దెనిమిదేళ్లుగా ల్యాబ్‌లో స్ట్రిప్‌లు ముంచుతున్నాను. తప్పు జరిగేది ముంచడంలో కాదు, చదవడంలో.

ముందు తేలిక పనులు. స్ట్రిప్‌ల డబ్బా మీద గడువు తేదీ చూడండి. ఒక స్ట్రిప్ తీసిన వెంటనే మూత బిగించండి, తేమ తగిలితే స్ట్రిప్ మీది రంగు గడులు పాడైపోతాయి. పొడి డబ్బాలో తాజా మూత్రం పట్టండి. పొద్దున్నే మొదటిసారి పోసింది వద్దు, అది రాత్రంతా నిలవ ఉన్నది. దాన్ని వదిలేసి, కాసేపాగి రెండోసారి పోసింది తీసుకోండి. మొదటిదే మేలనేవాళ్లున్నారు కానీ మనకు కావలసింది ఇప్పటి సంగతి. స్ట్రిప్ ముంచి, వెంటనే పైకి తీసి, అంచును మూత్రం పట్టిన డబ్బాకు తుడవండి.

ఇక అసలు పని. ముంచిన క్షణం నుంచి సెకన్లు లెక్కపెట్టాలి. ఎక్కువగా వాడే రకాల్లో గ్లూకోజ్ గడిని 30 సెకన్లకు, కీటోన్ గడిని 40 సెకన్లకు చూడాలి. మీ డబ్బా మీద వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ చేయండి, ఫోన్ పట్టుకుంటే ఏదో మెసేజ్ వచ్చి చూపు అటు పోతుంది. ఆ సమయం దాటాక కూడా గడి రంగు మారుతూనే ఉంటుంది. ఆ రంగును లెక్కలోకి తీసుకోవద్దు. రంగును పగటి వెలుతురులో, డబ్బా మీది చార్ట్ పక్కన పెట్టి పోల్చండి.

ఒక కార్తీక సోమవారం సాయంత్రం ఏడో నెల గర్భిణిని వాళ్ల అత్తగారు తీసుకొచ్చారు. ఇంట్లో స్ట్రిప్ ముంచి, అన్నం వార్చి వచ్చి చూసేసరికి గ్లూకోజ్ గడి ముదిరిపోయి ఉందట. "ఏంటమ్మా, పిల్లకు షుగర్ వచ్చేసిందా?" అని ఆవిడ కంగారు. నేను కొత్త స్ట్రిప్ ముంచి సెకన్లు లెక్కపెట్టాను. గ్లూకోజ్ లేదు. కీటోన్ గడి మాత్రం ముదురు ఊదా, మూడు ప్లస్. వేలి రక్తంలో చక్కెర 74. వాంతులు లేవు. ముందురోజు రాత్రి ఎనిమిదింటి నుంచి నీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు.

అది ఆకలి. తిండి లేనప్పుడు ఒళ్లు కొవ్వు కరిగించుకుంటుంది, ఆ కరుగుడులో పుట్టేవే కీటోన్లు. బిడ్డ కూడా తల్లి చక్కెరే వాడుకుంటుంది కాబట్టి గర్భిణిలో ఇవి మామూలు మనిషికన్నా త్వరగా కనిపిస్తాయి. డాక్టరుగారు వెంటనే తినమన్నారు, ఇకముందు ఉపవాసం వద్దన్నారు. మర్నాడు టిఫిన్ తిన్నాక చూస్తే కీటోన్లు లేవు.

గ్లూకోజ్ ఒక్కటే కనిపిస్తే లెక్క వేరు. గర్భంలో కిడ్నీలు ఎక్కువ రక్తాన్ని వడకడతాయి, రక్తంలో చక్కెర మామూలుగా ఉన్నా కొంత మూత్రంలోకి జారుతుంది. అందుకే స్ట్రిప్ చూసి షుగర్ జబ్బని తేల్చకూడదు. అయితే ఒకసారి రెండు ప్లస్ వచ్చినా, రెండుసార్లు ఒక ప్లస్ వచ్చినా రక్త పరీక్ష చేయించాలి. మన దగ్గర 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూస్తారు, 140 లేదా అంతకుమించితే గర్భధారణ షుగర్. స్ట్రిప్‌లో ఏమీ రాలేదని ఈ పరీక్ష ఎగ్గొట్టడం ఇంకా పెద్ద తప్పు.

నిజమైన ప్రమాదం రెండు గడులూ కలిసి ముదిరినప్పుడు. అలా వస్తే, ముఖ్యంగా షుగర్ ఉన్న గర్భిణి వాంతులతో తిండి మానేసి ఇన్సులిన్ కూడా ఆపేసి ఉంటే, అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. గర్భంలో రక్తంలో చక్కెర 200 దాటకుండానే కీటోన్లు పేరుకుని ఒళ్లు ఆమ్లమయం కావచ్చు. కడుపునొప్పి, ఆయాసంలాంటి లోతైన ఊపిరి, మగత ఉంటే చక్కెర అంకె చూసి ఊరుకోవద్దు. పైగా ఒళ్లు ఇలా ఆమ్లమయమైనప్పుడు ఎక్కువగా పెరిగే కీటోన్‌ను మూత్రం స్ట్రిప్ అసలు పట్టుకోలేదు, గడి లేతగా ఉన్నా ధైర్యం చెప్పలేం. రక్తంలో కీటోన్ చూడమని అడగండి. అక్కడ 3 గానీ అంతకుమించి గానీ వస్తే అది అత్యవసరం.

షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడుతూ ఉపవాసాలుండేవాళ్లకూ ఇదే ప్రమాదం. ఆ మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపడానికే ఉన్నవి, కాబట్టి గ్లూకోజ్ గడి ఎప్పుడూ ముదురే. వాళ్లు చూడాల్సింది కీటోన్ గడి, ఒళ్లు తీరు.

వేవిళ్లలోనూ కీటోన్ ప్లస్‌లతో తీవ్రత కొలవద్దు. తాగిన నీళ్లు నిలవకపోవడం, మూత్రం బాగా తగ్గడం, గర్భానికి ముందున్న బరువులో నూటికి ఐదు వంతులు పోవడం, వీటిలో ఏది కనిపించినా స్ట్రిప్ ఏం చెప్పినా సరే, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు చీటీ మీద మూడు సంగతులు రాసుకోండి: ఆఖరిసారి తిన్న సమయం, స్ట్రిప్ ముంచిన సమయం, వేసుకుంటున్న మందులు.