దిద్దుకున్న వాక్యాల నోట్‌బుక్ – 3వ పాఠం: ‘రెండేళ్ల నుంచి’ని ఇంగ్లిష్‌లో ఎలా రాయాలి?

నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మీరు రాసిన వాక్యానికి, కుడి పేజీ దిద్దిన వాక్యానికి అని గత పాఠంలో అనుకున్నాం. ఈసారి ఒక్క తప్పును పట్టుకుని, ఆ పేజీని చివరిదాకా ఎలా నింపాలో చూద్దాం. ఉదాహరణలు ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నా, మీరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసుకోండి.

తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి లీవ్ లెటర్‌లో ఇలా రాసింది: ‘ఐ యామ్ స్టేయింగ్ ఇన్ ద హాస్టల్ సిన్స్ టూ ఇయర్స్. ఐ యామ్ హ్యావింగ్ ఫీవర్ ఫ్రమ్ యెస్టర్‌డే.’ దిద్దాక అవి ఇలా అయ్యాయి: ‘ఐ హ్యావ్ బీన్ స్టేయింగ్ ఇన్ ద హాస్టల్ ఫర్ టూ ఇయర్స్. ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ సిన్స్ యెస్టర్‌డే.’

చాలామంది ఈ రెండు వాక్యాలనూ కుడి పేజీలోకి ఎక్కించి నోట్‌బుక్ మూసేస్తారు. వచ్చే నెల లెటర్‌లో మళ్లీ ‘సిన్స్ టూ ఇయర్స్’ కనిపిస్తుంది. ఎందుకు తప్పామో రాసుకోకపోవడమే దీనికి కారణం. దిద్దిన వాక్యం కింద ఆ కారణాన్ని మీ మాటల్లో, తెలుగులోనే రాయండి. ఆ అమ్మాయి రాసుకున్నది ఇది: ‘మనం రెండేళ్ల నుంచి అన్నా, నిన్నటి నుంచి అన్నా “నుంచి” ఒకటే. ఇంగ్లిష్‌లో ఎంతకాలమో చెబితే ఫర్, ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్. మనం ఉంటున్నాను అంటే చాలు. ఇంగ్లిష్‌లో మొదలై ఇంకా సాగుతున్నదానికి హ్యావ్ పెట్టాలి.’ వ్యాకరణ పుస్తకంలోని నిర్వచనం కంటే ఇదే ఆమెకు ఎక్కువ పనికొచ్చింది. తెలుగులో ఆలోచిస్తూ ఎక్కడ జారిందో అందులో ఉంది మరి.

కారణం కింద అదే అచ్చులో మీ సొంత వాక్యాలు రెండు రాసి, వాటినీ దిద్దించుకోండి. అసలు సంగతి ఇక్కడే బయటపడుతుంది. ఆమె రాసిన మొదటి వాక్యం ‘ఐ హ్యావ్ బీన్ నోయింగ్ హర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’. ఫర్ సరిగ్గానే పడింది గానీ, కొత్తగా నేర్చుకున్న ‘హ్యావ్ బీన్’ను అవసరం లేనిచోట కూడా పెట్టింది. హాస్టల్లో ఉండటం, చదవడం లాంటి పనులకు ‘ఇంగ్’ రూపం కుదురుతుంది. తెలిసి ఉండటం లాంటి స్థితికి కుదరదు. ‘ఐ హ్యావ్ నోన్ హర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అనాలి. జ్వరం వాక్యంలో ‘హ్యావ్ హ్యాడ్’ వచ్చిందీ ఇందుకే.

రెండో వాక్యం: ‘ఐ హ్యావ్ బీన్ స్టేయింగ్ ఇన్ చిత్తూర్ ఫర్ త్రీ ఇయర్స్’. చదివితే తప్పేమీ కనిపించదు. కానీ ఆమె చెప్పదలుచుకున్నది హాస్టల్‌కు రాకముందు చిత్తూరులో మూడేళ్లు ఉన్నానని. అది అయిపోయింది కాబట్టి ‘ఐ స్టేడ్ ఇన్ చిత్తూర్ ఫర్ త్రీ ఇయర్స్’ అని రాయాలి. ఫర్ కనిపించగానే హ్యావ్ పెట్టేయకుండా, ‘ఇప్పటికీ సాగుతోందా?’ అని ముందు అడగాలి. ఈ రెండు దిద్దుబాట్లూ వేరే పేజీకి పోకుండా, అదే కారణం కిందకే చేరాలి.

మళ్లీ చూసుకునేటప్పుడు ఎడమ పేజీ తెరవకండి. తప్పు వాక్యాన్నే పదేపదే చదివితే అదే నోటికి అలవాటవుతుందని నా అభిప్రాయం. అందుకే కుడి పేజీ అంచున ప్రతి వాక్యం అర్థాన్నీ తెలుగులో రాసి పెట్టుకోండి. ఇంగ్లిష్ భాగాన్ని కాగితంతో మూసి, ‘నిన్నటి నుంచి జ్వరంగా ఉంది’ అన్న మాట మాత్రమే చూసి కొత్తగా ఇంగ్లిష్‌లో రాసి, అప్పుడు పోల్చుకోండి. మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత మరోసారి చేస్తే సరిపోతుంది. నెల తర్వాత కూడా తప్పితే కారణాన్ని మార్చి రాయండి. మొదట రాసుకున్న కారణం మీకు అతకలేదన్నమాట.

ఎర్ర సిరా పడిన ప్రతిదాన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించకండి. తెలిసీ తొందరలో చేసే పొరపాటు వేరు, తెలియక చేసే తప్పు వేరు అని భాషాశాస్త్రవేత్త పిట్ కార్డర్ 1967లోనే విడదీసి చెప్పారు. లెటర్‌ను మళ్లీ చదివితే మీరే దిద్దుకోగలిగినది పొరపాటు, దాన్ని వదిలేయండి. ఎన్నిసార్లు చదివినా మీకు సరిగ్గానే అనిపించేదే నోట్‌బుక్‌లోకి రావాలి. ఒక లెటర్ నుంచి రెండు మూడుకు మించి తీసుకుంటే కారణాలు రాసే ఓపిక ఉండదు.

ఈ వారం ఈ నాలుగింటినీ ఇంగ్లిష్‌లో రాసి దిద్దించుకోండి: ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి తిరుపతిలో ఉంది. తిరుపతి 2022 నుంచి జిల్లా కేంద్రంగా ఉంది. మా అన్న ఆరు నెలలుగా ఉద్యోగం వెతుకుతున్నాడు. మా నాన్న మదనపల్లెలో పదేళ్లు పనిచేసి ఇక్కడికి వచ్చేశారు. వీటిలో ఒకదానికి హ్యావ్ గానీ హ్యాజ్ గానీ రాదు. అది ఏదో, ఎందుకో కారణంతో సహా రాయండి. వచ్చే పాఠంలో ‘ఎ’, ‘ద’ల పేజీ తెరుద్దాం.