రేటు కార్డు అచ్చుకు ఇచ్చే ముందు

పలాస జీడిపప్పు వ్యాపారి ఒకరున్నారనుకుందాం. కిలోకు ఖర్చు 720 రూపాయలు. 50 కిలోల వరకు ధర 800, 200 వరకు 780, ఆపైన 760.

అన్నిటికంటే ముందు, తగ్గింపు మొత్తం సరుకుకా, స్లాబు దాటిన సరుకుకేనా అన్నది తేల్చుకోండి. మొత్తానికైతే 200 కిలోల బిల్లు 1,56,000. 201 కిలోలది 1,52,760. ఒక కిలో ఎక్కువ ఇచ్చి 3,240 తక్కువ పుచ్చుకున్నట్టు! లాభం 12,000 నుంచి 8,040కి పడిపోతుంది. 196 కిలోలు కావలసినవారు కూడా 201 రాయించుకుంటారు.

దాటిన సరుకుకే తగ్గిస్తే మొదటి 50 కిలోలు 800కు, తర్వాతి 150 కిలోలు 780కి, 201వ కిలో మాత్రమే 760కి. బిల్లు 1,57,760, లాభం 13,040. ఈ లెక్క ఒక ఉదాహరణగా కార్డు మీదే వేయించండి. లేకపోతే కొనేవారు మొత్తానికీ 760 అనే చదువుకుంటారు.

పాత బిల్లులు తిరగేయండి. ఎక్కువ మంది ఇప్పటికే 60 కిలోలు కొంటుంటే, 50 దగ్గర గీత గీయడం వల్ల అమ్మకం పెరగదు, ధర మాత్రమే తగ్గుతుంది. గీత వారు కొనేదానికి కాస్త పైన ఉండాలి.

అరువు సంగతి మరవకండి, చాలామంది నష్టపోయేది ఇక్కడే. నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ అయితే, 760 రూపాయల సరుకు 45 రోజుల అరువుకు ఇస్తే కిలోకు 17 రూపాయలు పోతాయి. మిగిలే 40లో అది దాదాపు సగం. చివరి స్లాబు ధర నగదుకే అని రాయండి.

పరిమాణం ఒక్క ఆర్డరుకా, నెల మొత్తానికా అన్నదీ రాయాలి.