చేనేత చీరల బ్రాండ్‌కి పేరు ఎలా పెట్టాలి?

తిరుపతిలో వెంకటగిరి నూలు చీరలు తెచ్చి, బెంగళూరు, చెన్నైల్లో ఉద్యోగాలు చేసే అమ్మాయిలకు ఆన్‌లైన్లో అమ్మాలనుకుంటున్నారు అనుకుందాం.

ముందు కొట్టేయాల్సినవి కొట్టేయండి. దేవుడి పేర్లు మన ఊళ్లో ప్రతి వీధిలోనూ ఉన్నాయి, వాటిలో మీది ఏదో ఎవరికీ గుర్తుండదు. వస్త్రాలయం, ఎంపోరియం లాంటి తోకలు వద్దు, పేరుకు ముసలితనం తెచ్చేది సగం అవే. వెంకటగిరి అనే మాటను కూడా పేరులో పెట్టకండి. దానికి జీఐ గుర్తింపు ఉంది, అంటే ఆ ప్రాంతపు సరుకుకే చెందే పేరని ప్రభుత్వం నమోదు చేసింది, అది అక్కడి నేతవాళ్లందరిదీ, ట్రేడ్‌మార్క్‌గా మీ ఒక్కరికే రావడం కష్టం. పైగా రేపు మంగళగిరి చీర అమ్మాలంటే మీ పేరే మీకు అడ్డం. చీర నిజంగా అక్కడ నేసిందే అయితే పేరు కింద చిన్న అక్షరాల్లో రాసుకోండి, చాలు.

తర్వాత మగ్గం ఉన్న ఇంటికెళ్లి కాసేపు కూర్చుని, వాళ్లు మాట్లాడుకునే మాటలు రాసుకోండి. పడుగు, పేక, కండె, అంచు, కొంగు, చెంగు... సంస్కృతం డిక్షనరీ తిరగేయడం కంటే ఇదే మేలు, ఎందుకంటే ఇవి పాతవే అయినా పొట్టిగా ఉంటాయి, బోర్డు మీద కొత్తగా కనిపిస్తాయి.

ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూడండి. కొనేవాళ్లు టైప్ చేసేది అలాగే కదా, చాలా పేర్లు పోయేది ఇక్కడే. పేక అనగానే మనవాళ్లకు పేకాట గుర్తొస్తుంది. Kande అని రాస్తే హిందీ వాళ్లకు పిడకలు! Padugu చూసి ‘పాడుగు’ అని చదివేవాళ్లుంటారు, చీరల మీద ‘పాడు’ ఎందుకు చెప్పండి. Kongu బాగానే ఉంది గానీ చెన్నై వాళ్లకు అది కోయంబత్తూరు వైపు కొంగునాడు. Chengu మిగిలింది. తెలుగువాళ్లకు చీర చెంగు వెంటనే తడుతుంది, మిగతావాళ్లకు చెడ్డ అర్థమేమీ తోచదు. కాకపోతే ఫోన్ దాన్ని Chengdu అని దిద్దేస్తుందేమో చూడాలి. అందుకే తెలుగు రాని ఇద్దరు ముగ్గురికి ఫోన్లో పేరు ఒక్కసారే చెప్పి, వాట్సాప్‌లో రాసి పంపమనండి. తలా ఒక రకంగా రాస్తే ఆ పేరు వదిలేయండి, ఎంత ముద్దొచ్చినా సరే.

నిలబడిన పేరును ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్లోని పబ్లిక్ సెర్చ్‌లో వెతకండి. అక్షరాలు వేరైనా పలుకు ఒకటే అయితే అభ్యంతరం వస్తుంది, కాబట్టి Wordmark ఒక్కటే కాకుండా Phonetic కూడా చూడాలి. ట్రేడ్‌మార్క్‌లో సరుకులను క్లాసులుగా విడదీస్తారు. బట్ట 24వ క్లాసు, కట్టుకునే దుస్తులు 25వ క్లాసు, చీరలకు రెండూ వెతకండి. వ్యక్తిగా ఆన్‌లైన్లో దరఖాస్తు చేస్తే క్లాసుకు 4,500 రూపాయలు. లేబుళ్లు, కవర్లు ప్రింటింగ్‌కి ఇచ్చేది ఈ వెతుకులాట అయ్యాకే.