కొత్త ప్రాజెక్ట్ టూల్‌కి మారుతున్నామని స్టాఫ్‌కి ఎలా చెప్పాలి?

అనంతపురంలో డ్రిప్, సోలార్ పంపుల పనులు చేసే ఆఫీసుల్లో ఈ మార్పు చాలాసార్లు చేయించాను. టూల్ ఏదైనా చెడేది ఒక్కచోటే: పాతది ఎప్పుడు ఆగుతుందో నోటీసులో తేల్చి చెప్పరు.

1. తేదీలు ఖాయం చేయండి. కొత్త టూల్ మొదలయ్యేది సోమవారం ఉదయమే కావాలి. నెలాఖరు బిల్లుల వారం వద్దు. నోటీసు రెండు వారాల ముందు వెళ్లాలి. ఉదాహరణకు నవంబర్ 17, 2025 సోమవారం మొదలుపెట్టాలంటే నోటీసు నవంబర్ 3న వెళ్లాలి.

2. ట్రైనింగ్ పెట్టండి. ఒక్కో బ్యాచ్ 45 నిమిషాలు, ఎనిమిది మందికి మించకూడదు. మొదలయ్యే ముందు వారంలోనే పెట్టాలి, నెల ముందు నేర్పితే ఎవరికీ గుర్తుండదు. ఆఫీసు వాళ్లకు మంగళవారం ఉదయం 10కి. కళ్యాణదుర్గం, రాయదుర్గం సైట్ల నుంచి వచ్చేవాళ్లకు బుధవారం సాయంత్రం 5కి. తప్పిపోయినవాళ్లకు గురువారం. ఎవరు ఏ బ్యాచో పేర్లతో సహా రాయండి. "వీలున్నప్పుడు రండి" అంటే ఎవరూ రారు.

3. పాతది ఆగే గంట రాయండి. అసలు కష్టం ఇక్కడే. చాలామంది "కొన్నాళ్లు రెండూ నడుపుదాం, అలవాటు పడ్డాక పాతది తీసేద్దాం" అంటారు. దయచేసి అలా చేయకండి. ఒక ఆఫీసులో నా మాట కాదని అలాగే నడిపారు. తాడిపత్రి దగ్గర సబ్‌మెయిన్ పైపు వేయడం పూర్తయిందని సూపర్‌వైజర్ కొత్త టూల్‌లో గుర్తు పెట్టాడు. పాత షీట్‌లో అది పెండింగ్‌గానే ఉండిపోయింది. మర్నాడు ఇంకో టీమ్ పైపులు తీసుకుని అదే తోటకు వెళ్లింది. తిరిగొచ్చాక ఆ టీమ్‌లో కుర్రాడు అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది: "అన్నా, ఇంతకీ యాడ చూడాల మేము?"

అందుకే నోటీసులో ఈ భాగం ఇలాగే ఉండాలి:

"నవంబర్ 14 శుక్రవారం సాయంత్రం 6 గంటల తర్వాత పాత షీట్‌లో ఎవరూ రాయలేరు, చూడటం మాత్రం కుదురుతుంది. 17 సోమవారం ఉదయం 9 నుంచి అన్నీ కొత్త టూల్‌లోనే. మధ్యలో పని కదిలితే ఆఫీసు రిజిస్టర్ చూసే మేడమ్‌కి ఫోన్ చేయండి. సోమవారం ఆమే ఎక్కిస్తారు."

ఆ మూడో వాక్యాన్ని అందరూ మర్చిపోతారు. శనివారం కూడా సైట్లో పని జరుగుతుంది కదా! ఆ రెండు రోజుల సమాచారం ఎక్కడికి వెళ్లాలో చెప్పకపోతే అది వాట్సాప్ గ్రూపులో పడి, శుభోదయం ఫొటోల కింద మాయమైపోతుంది.

సగంలో ఉన్న పనుల సంగతీ రాయాలి. షీట్ నుంచి కొత్త టూల్‌కి ఎక్కించినప్పుడు పని పేరు, మనిషి పేరు, తేదీ వస్తాయి. పక్కన రాసుకున్న కామెంట్లు, పెట్టిన ఫొటోలు చాలాసార్లు రావు. కాబట్టి శుక్రవారం 4 గంటలకల్లా ప్రతి ఒక్కరూ తమ పని వివరంలో ఒక్క లైను రాయాలని చెప్పండి. "మూడు ఎకరాల్లో రెండు అయింది, ఫిల్టర్ రావాలి" అంటే చాలు.

తేదీలు కూడా తారుమారవుతాయి. మనం 05-11 అని రాస్తే మనకది నవంబర్ 5. నెలను ముందు చదివే టూల్ దాన్ని మే 11 అనుకుంటుంది. 13 నుంచి పైనున్న తేదీలైతే అది తప్పని పట్టేస్తుంది, 12 లోపువి మాత్రం నోరెత్తకుండా మారిపోతాయి. అందుకే ముందే పది పనులు ఎక్కించి చూసుకోండి.

ఇలా తారుమారైనవీ, రాకుండా పోయినవీ పట్టుకోవడానికి స్టాఫ్ సాయమే తీసుకోవాలి. శుక్రవారం సాయంత్రం తన పేరు మీద ఎన్ని పనులు మిగిలాయో ప్రతి ఒక్కరూ కాగితం మీద రాసుకోవాలి. సోమవారం కొత్త టూల్‌లో అన్నే కనిపించాలి. ఏడు రాసుకున్నవాడికి ఆరే కనిపిస్తే, లేదా ఒక పని ఆరు నెలలు ఆలస్యమైనట్టు ఎర్రగా కనిపిస్తే, 11 గంటల్లోపు చెప్పాలి.

4. నోటీసు పంపండి. ఒక్క పేజీ, తెలుగులో. ప్రింటు తీసి హాజరు పట్టిక పక్కన అతికించండి. గ్రూపులో పెట్టినదాన్ని నేను లెక్కలోకి తీసుకోను. చదివినట్టు సంతకం తీసుకోండి, సైట్ వాళ్లకు ఫోన్ చేసి చదివి వినిపించండి.

5. చెప్పిన గంటకే మూసేయండి. శుక్రవారం 6కి షీట్ షేరింగ్‌లో మీకు తప్ప అందరికీ చూసే అనుమతి మాత్రమే ఉంచండి. 6:10కి ఎవరో ఒకరు "ఒక్క ఎంట్రీ సార్" అని ఫోన్ చేస్తారు. ఆ ఎంట్రీ కూడా మేడమ్ దగ్గరికే వెళ్లాలి.