ధారావాహిక పాఠం – 5: కొండ అంచు నుంచి విసిరిన రాయి ఎప్పుడు, ఎక్కడ నేలను తాకుతుంది?

గత పాఠంలో నేల మీది నుంచి విసిరిన వస్తువు తిరిగి అదే మట్టానికి చేరే సందర్భాన్ని చూశాము. ఈసారి విసిరే చోటు ఎత్తున ఉంటుంది, పడే చోటు కింద ఉంటుంది. బెంగళూరులోని మారతహళ్లిలో నా దగ్గర చదువుకునే పీయూసీ విద్యార్థిని ఒకరు తన నోటుపుస్తకంలోని పటాన్ని ఫోనుతో ఫొటో తీసి, "సార్, ఈ లెక్కకు సమాధానం రావడం లేదు" అని పంపింది. ఈ పాఠానికి ఆ పటమే ఆధారం.

ఫొటోలో ఎడమవైపు 40 మీటర్ల ఎత్తున్న కొండ, దాని అంచు నుంచి పైకి వాలిన బాణం, బాణం పక్కన 20 m/s, బాణానికీ ఒక చుక్కల గీతకూ మధ్య 30° అని రాసి ఉన్నాయి. ఫోనును ఏటవాలుగా పట్టుకుని తీసినందువల్ల పటమంతా ఒక పక్కకు ఒరిగింది. ఆ అమ్మాయి తెర మీద కోణమానిని పెట్టి కొలిస్తే దాదాపు 40° వచ్చిందట. ఫొటో మీద కోణాన్ని ఎన్నడూ కొలవకూడదు, ఎందుకంటే కెమెరా వాలును బట్టి కోణాలు మారిపోతాయి; రాసి ఉన్న సంఖ్యను మాత్రమే తీసుకోవాలి. ఫొటో నుంచి మనం తేల్చుకోవలసిన సంగతి వేరే ఉంది: ఆ 30° ఏ గీత నుంచి మొదలవుతోంది? ఇక్కడ చుక్కల గీత కొండ పైఅంచుకూ కింద నేల గీతకూ సమాంతరంగా సాగుతోంది కాబట్టి అది క్షితిజ సమాంతర రేఖే. ఒకవేళ అది కొండ గోడ వెంబడి నిలువుగా ఉండి ఉంటే, కింద రాయబోయే sin, cos రెండూ తారుమారయ్యేవి.

ఇప్పుడు వేగాన్ని రెండు అంశాలుగా విడదీద్దాము. కోణాన్ని ఆనుకుని ఉన్న భుజానికి cos, ఎదుటి భుజానికి sin వస్తాయి.

```
ux = 20 cos 30° = 17.3 m/s
uy = 20 sin 30° = 10 m/s
```

గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే క్షితిజ సమాంతర అంశం చివరిదాకా మారదు. నిలువు అంశం మీద మాత్రం గురుత్వ త్వరణం పని చేస్తుంది. దాని విలువను 10 m/s² గా తీసుకుందాము. ప్రయాణ కాలాన్ని నిర్ణయించేది నిలువు చలనం ఒక్కటే కనుక ముందు దానినే సాధించాలి.

పైదిశను ధనాత్మకంగా, కొండ అంచును మూలబిందువుగా తీసుకుంటే, రాయి నేలను తాకేటప్పటికి దాని నిలువు స్థానభ్రంశం −40 మీటర్లు. రాయి మధ్యలో ఎంత ఎత్తుకు లేచిందన్నది ఈ విలువను మార్చదు.

```
-40 = 10t - 5t²
t² - 2t - 8 = 0
(t - 4)(t + 2) = 0
```

ప్రయాణ కాలం 4 సెకన్లు. రెండవ మూలమైన −2 ను కొట్టివేసే ముందు దాని అర్థం తెలుసుకోవాలి: రాయి కొండ అంచున మొదలుకాక, ఇదే వక్రం వెంబడి నేల నుంచే వచ్చి ఉంటే, అంచును దాటడానికి 2 సెకన్ల ముందు అది నేల మీద ఉండేది. మన రాయి t = 0 దగ్గరే బయలుదేరింది కాబట్టి ఆ మూలం మనకు వర్తించదు.

ఇక వ్యాప్తి ఒక్క గుణకారంతో తేలుతుంది: 17.3 × 4, అంటే సుమారు 69 మీటర్లు.

ఆ అమ్మాయి −40 కు బదులు +40 రాసింది. అప్పుడు సమీకరణం t² − 2t + 8 = 0 అవుతుంది; దాని విచక్షణి 4 − 32, అంటే రుణాత్మకం, కనుక వాస్తవ మూలాలే ఉండవు. రాయి అంచుకు పైన 40 మీటర్ల ఎత్తుకు ఎప్పుడు చేరుతుందని సమీకరణాన్ని అడిగినట్లయింది. అది లేచేది 5 మీటర్లే కాబట్టి జవాబు రాలేదు. వర్గమూలం లోపల రుణసంఖ్య కనిపిస్తే ముందుగా స్థానభ్రంశం గుర్తును చూసుకోండి.

ఇంకొక పొరపాటు ఇంతకంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే అందులో సమాధానం చక్కగానే వస్తుంది. గత పాఠంలోని 2u sin θ / g సూత్రాన్ని ఇక్కడ వాడితే 2 సెకన్లు, దాదాపు 35 మీటర్ల వ్యాప్తి వస్తాయి. అది రాయి మళ్లీ కొండ అంచు మట్టానికి వచ్చే క్షణం మాత్రమే. అప్పుడది గాలిలోనే, నేలకు 40 మీటర్ల పైన, 10 m/s నిలువు వేగంతో కిందికి దిగుతూ ఉంటుంది. అక్కడి నుంచి మరో 2 సెకన్లలో 10×2 + 5×4 = 40 మీటర్లు దిగుతుంది. రెండు భాగాలనూ కలిపితే మళ్లీ 4 సెకన్లే వచ్చాయి కనుక మన సమాధానం సరిచూసుకున్నట్టే.

అభ్యాసం: ఇదే రాయి నేలను తాకే క్షణంలో దాని వేగమెంత, అది నేలతో ఎంత కోణం చేస్తుంది? రెండు అంశాలనూ విడివిడిగా కనుక్కొని, పటం గీసి, కోణం ఏ గీత నుంచి కొలిచారో పటం మీద స్పష్టంగా రాయండి. ఆరవ పాఠం ఆ పటంతోనే మొదలవుతుంది.