స్నేహితుడికి రాసిన మెసేజ్‌నే మాస్టారికి పంపితే ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ళలో ఈ ఇబ్బంది తరచూ వస్తుంది. ఇంట్లో ఏదో శుభకార్యం ఉంటుంది, ముందు స్నేహితుడికి నాలుగు ముక్కలు టైపు చేసి పంపుతాం, తర్వాత దాన్నే కాపీ చేసి నాన్న స్నేహితుడికో పాత మాస్టారికో పంపేటప్పుడు పైపైన రెండు మాటలు మార్చి ఊరుకుంటాం. అందులో తిట్టు ఉండదు, అబద్ధం ఉండదు, అయినా చదివిన పెద్దాయనకి మనసు చివుక్కుమంటుంది. ఆ సంగతి ఆయన మనకి చెప్పరు. "సరే చూద్దాం" అని ముక్తసరిగా జవాబు వస్తుంది, లేదా నాన్నకి ఫోన్ చేసి "మీవాడు రమ్మని ఆర్డరేశాడు" అంటారు.

ఒక మెసేజ్ తీసుకుని చూద్దాం. పర్లాకిమిడి కుర్రాడు స్నేహితుడికి పంపింది ఇది:

"ఒరేయ్, ఆదివారం మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పొద్దున్నే వచ్చెయ్. పిన్నిని కూడా తీసుకురా. లేటు చెయ్యకు. నాన్న నిన్ను తప్పకుండా రమ్మన్నాడు. బయల్దేరేముందు ఫోన్ కొట్టు. వస్తున్నావో లేదో రేపటికల్లా చెప్పు, భోజనాల లెక్క తేలాలి."

ఇదే ఇప్పుడు గుణుపురంలో ఉంటున్న రిటైర్డ్ మాస్టారికి వెళ్ళాలి.

సమస్య: "మీరు" పెట్టాను కదా, అయినా మొరటుగానే ఉంది

ఎక్కువమంది చేసేది "ఒరేయ్" తీసేసి "మాస్టారూ" పెట్టడం, "నిన్ను"ని "మిమ్మల్ని" చేయడం, అక్కడితో ఆపేయడం. అప్పుడు "మాస్టారూ, పొద్దున్నే వచ్చెయ్, అమ్మగారిని కూడా తీసుకురా" అని తయారవుతుంది. చదవగానే తప్పని తెలుస్తుంది గానీ తొందరలో టైపు చేసేవాళ్ళకి కనిపించదు.

కారణం ఏమిటంటే తెలుగులో గౌరవం ఎక్కువగా క్రియ చివర ఉంటుంది. నువ్వు, మీరు అనే మాటల్ని మనం సగం వాక్యాల్లో అసలు వాడం, చివరి అక్షరమే ఎవరితో మాట్లాడుతున్నామో చెప్పేస్తుంది. పై మెసేజ్‌లో "నువ్వు" ఒక్కసారి కూడా లేదు చూడండి. ఉన్నది "నిన్ను" ఒక్కటే, కాని స్నేహితుణ్ణి ఉద్దేశించిన క్రియలు ఆరున్నాయి: వచ్చెయ్, తీసుకురా, చెయ్యకు, కొట్టు, వస్తున్నావో, చెప్పు. కాబట్టి నువ్వు కోసం వెతికితే ఏమీ దొరకదు. ప్రతి వాక్యాన్నీ చివరి నుంచి చదవాలి. చివర "వు", "వా", "కు" ఉన్నా, చెప్పు, రా, ఇవ్వు లాంటి మొండి ఆజ్ఞ ఉన్నా అక్కడ మార్పు పడాలి. "నువ్వు పెద్దవాడివి" లాంటి చోట క్రియే ఉండదు, అక్కడ పేరుమాట చివర "వి" దాక్కుని ఉంటుంది, అది "మీరు పెద్దవారు" అవ్వాలి.

కొన్ని రూపాల్ని ముట్టుకోనక్కర్లేదు. వస్తే, వచ్చాక, రావాలి, రాలేదు, వద్దు అనేవి ఎవరికైనా ఒకేలా ఉంటాయి. "మొన్న మీరు రాలేదు" సరైనదే. "రావు" మాత్రం "రారు" అవుతుంది.

ఇక్కడే ఇంకో మాట. మెసేజ్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే అలవాటున్నవాళ్ళు, ఒడియా వియ్యంకులున్న గ్రూపులో `randi` అని కొట్టకండి. ఆ అక్షరాల్ని ఒడియాలోనూ హిందీలోనూ తిట్టుగానే చదువుకుంటారు. తెలుగు లిపిలో రాయండి, లేదా "రావాలి" అని వాక్యం మార్చండి.

సమస్య: అన్నిటికీ "అండి" తగిలించాను, అయినా ఆజ్ఞలా ఉంది

అసలు చిక్కు ఇది. వ్యాకరణం అంతా సరిచేస్తే ఇలా వస్తుంది: "మాస్టారూ, పొద్దున్నే వచ్చెయ్యండి. అమ్మగారిని కూడా తీసుకురండి. లేటు చెయ్యకండి. నాన్నగారు మిమ్మల్ని తప్పకుండా రమ్మన్నారు. బయల్దేరేముందు ఫోన్ కొట్టండి. వస్తున్నారో లేదో రేపటికల్లా చెప్పండి." ఒక్క తప్పు లేదు. అయినా వరసగా ఐదు ఆజ్ఞలున్నాయి, మధ్యలో నాన్న పేరు మీద ఇంకో ఆజ్ఞ ఉంది. స్నేహితుడికి ఆ దబాయింపులోనే చనువు వినిపిస్తుంది, పెద్దాయనకి ఆ చనువు మనం ఇవ్వలేం కాబట్టి దబాయింపు ఒక్కటే మిగులుతుంది.

"రమ్మన్నారు" దగ్గర కాసేపు ఆగాలి. ఒకరిని రమ్మని కబురు పెట్టేది పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి, యజమాని పనివాడికి. మాస్టారు నాన్న కంటే పెద్దవారు, ఆయన్ని నాన్న "రమ్మనడం" అనేదే పొసగదు, "అన్నారు" అని చివర ఎంత మర్యాద పెట్టినా ఆ మర్యాద నాన్నకి వెళుతుంది తప్ప మాస్టారికి చేరదు. "మీరు వస్తే బాగుంటుందని నాన్నగారు అంటున్నారు" అంటే కబురు అదే, దిశ మారింది.

మరి "తప్పకుండా రావాలి" అని పిలవడం తప్పా అంటే కాదు. పిలుపుల్లో పెద్దవాళ్ళకి ఎప్పటినుంచో వాడే మాటే అది. "రావాలి"లో ఎదుటివాళ్ళ మీద వేలు చూపే ప్రత్యయం లేదు, పిలిచేవాళ్ళ కోరికగా వినిపిస్తుంది. "వచ్చెయ్యండి"లోని ఆ "ఎయ్" మాత్రం తీసేయాలి, అందులో తొందరపెట్టడం ఉంది.

"లేటు చెయ్యకండి" అని పెద్దవాళ్ళకి చెప్పకూడదు, పూజ ఎన్నింటికో చెబితే చాలు. "ఫోన్ కొట్టు"లో కొట్టడం స్నేహితుల మాట, దాన్ని "ఫోన్ చేయండి" అనడం కంటే ఆ పని మనమే నెత్తిన వేసుకోవడం నయం. "వస్తున్నారో లేదో" అన్నప్పుడు రాకపోవడం కూడా మన లెక్కలో ఉందని చెప్పినట్టవుతుంది. ఇక భోజనాల లెక్క గురించి పెద్దవాళ్ళకి రాయకూడదు, కావాలంటే సాయంత్రం అమ్మ ఫోన్ చేసి మాటల్లో కనుక్కుంటుంది.

ఈ భయంతో కొందరు రెండో వైపు పోతారు. "తమరు సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయ ప్రార్థన" అని శుభలేఖ భాష దించుతారు. అచ్చుకార్డులో అది బాగానే ఉంటుంది, చదువు చెప్పిన మాస్టారికి ఫోన్లో పంపితే మాత్రం ఎవరో పరాయివాడు రాసినట్టుంటుంది, "తమరు" అయితే ఒక్కోసారి ఎగతాళిలా కూడా తగులుతుంది. వాడుక భాషలోనే రాయాలని గిడుగు రామమూర్తి గారు పోరాడింది ఈ పర్లాకిమిడిలో ఉంటూనే. మర్యాద కోసం గ్రాంథికం అక్కర్లేదు.

సమస్య: మాస్టారు ఒక్కరే వచ్చారు

"మీరు రావాలి" అని పంపితే, ఆయన ఒక్కరే రావాలా, ఇంటిల్లిపాదీ రావాలా? తెలుగులో గౌరవానికీ బహువచనానికీ ఒకటే మాట. ఒడియాలో ఈ తికమక లేదు, ఒకరిని గౌరవిస్తే "ఆపణ", ఎక్కువమంది అయితే "ఆపణమానే". 1936లో ఒడిశా వేరు ప్రావిన్సు అయినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది, మన పిల్లల్లో చాలామంది బడిలో ఒడియా చదువుకుంటున్నారు, దాంతో తెలుగు "మీరు" కూడా అంత స్పష్టంగానే ఉందనుకుంటారు. స్నేహితుడికి రాసినప్పుడు "నువ్వు, పిన్ని" అని విడివిడిగా తెలిసేది, "మీరు" అనగానే అది కలిసిపోయింది. పరిష్కారం తేలిక: "మీరూ అమ్మగారూ" అని విడదీసి రాయండి. "అమ్మగారిని తీసుకురండి" కంటే ఇది నయం కూడా, ఆవిడని ఎవరో వెంటబెట్టుకొచ్చే మనిషిగా కాకుండా నేరుగా పిలిచినట్టవుతుంది.

ఒడియా వల్ల వచ్చే ఇంకో జారుడు మూడో మనిషి గురించి చెప్పేటప్పుడు. ఒడియాలో చిన్నవాడైనా పెద్దాయనైనా "సే" ఒకటే, "ఆసిలా", "ఆసిలే" అని క్రియలో తేడా చూపిస్తారు. తెలుగులో రెండూ మారాలి. అందుకే "అతను వచ్చారు" లాంటి సగం సగం వాక్యాలు పడతాయి, అది "ఆయన వచ్చారు" కావాలి. ఆడవాళ్ళ విషయంలో ఇది మరీ గుచ్చుకుంటుంది. "బస్సు వచ్చింది" అన్న క్రియే "అమ్మగారు వచ్చింది"లోనూ పడుతుంది మరి. గారు పెట్టాక "వచ్చారు" అనే తీరాలి.

ఇవన్నీ చూసుకున్నాక మాస్టారికి వెళ్ళాల్సిన మెసేజ్ ఇలా ఉంటుంది:

"మాస్టారూ, నమస్కారం. ఈ ఆదివారం మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటున్నాం. మీరూ అమ్మగారూ తప్పకుండా రావాలి. పూజ తొమ్మిదింటికి మొదలవుతుంది, ఆ వేళకి మీరుంటే బాగుంటుందని నాన్నగారు అంటున్నారు. ఎప్పుడు బయల్దేరతారో ఒక్క మాట చెబితే బస్టాండు దగ్గరికి నేను బండి తీసుకొస్తాను. భోజనం మా ఇంట్లోనే."

మొదటిదానికంటే కాస్త పొడుగు, అంతే. ఆజ్ఞ ఒక్కటీ లేదు, "అండి" కూడా ఒక్కసారీ రాలేదు.

సమస్య: నాన్నమ్మకి కోపం వచ్చింది

ఇది తిరగబడ్డ కేసు. పై మెసేజ్‌ని అలాగే నాన్నమ్మకి పంపితే "ఏటిరా, నేను పరాయిదాన్నయిపోయానా" అంటుంది. మన వైపు చాలా ఇళ్ళలో అమ్మని, నాన్నమ్మని, కొన్ని ఇళ్ళలో నాన్నని కూడా "నువ్వు" అనే పిలుస్తారు, అందులో అగౌరవం లేదు. వయసును బట్టి కాకుండా నోటి అలవాటును బట్టి తేల్చుకోవాలి. మొన్న ఫోన్లో ఆమెతో ఏ రూపంలో మాట్లాడారో గుర్తు తెచ్చుకుని అదే రాయండి: "నాన్నమ్మా, నువ్వు ముందురోజే వచ్చీ, నీ చేత్తో ప్రసాదం చెయ్యాలి." మర్యాద పిలుపులో ఉంది, క్రియలో వెతకనక్కర్లేదు. కొత్తగా కలిసిన చుట్టాల దగ్గర, అత్తవారి వైపు వాళ్ళ దగ్గర అనుమానం వస్తే మాత్రం "మీరు"తో మొదలుపెట్టండి. వాళ్ళే "మీరేంటి, నువ్వను" అంటే అప్పుడు దిగొచ్చు. ముందు నువ్వు అనేసి తర్వాత మీరులోకి ఎక్కడం చాలా కష్టం.

ఆఖరున జవాబు సంగతి. మాస్టారు "సరేరా, వస్తాం లే, నువ్వు బండి తే" అని చనువుగా రాస్తారు. ఆ చనువు ఆయన వైపు నుంచి వచ్చింది, దాన్ని అదే వరసలో తిరిగి ఇవ్వకూడదు. "ఓకే" అనో, ఒట్టి బొటనవేలు బొమ్మో పంపకుండా "అలాగేనండి మాస్టారూ, ఎనిమిదిన్నరకల్లా స్టాండులో ఉంటాను" అని రాయండి.