బార్‌కు వేలాడుతూ కాళ్లు ఎత్తడం ఎలా? మోకాళ్లతో మొదలుపెట్టి చాపిన కాళ్ల దాకా

మహబూబ్‌నగర్ స్టేడియంలో పొద్దున బార్ దగ్గర కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న పిల్లగాడొకడు అడిగాడు: "అన్నా, కాళ్లు సాపి పన్నెండు కొడ్తున్న. గని పొట్టకు ఏం తెలుస్తలేదు, తొడలే గుంజుతున్నయ్." చేసి చూపించమన్నాను. మూడోదానికే ఉయ్యాలలా ఊగుతున్నాడు. ఊగకుండా, మోకాళ్లు మడిచి చేయమంటే ఐదు దాటలేదు.

తొడలు నడుము ఎత్తుకు వచ్చేదాకా ఎక్కువ పని తుంటి ముందు కండరాలదే. అక్కడి నుంచి పిరుదులు ముందుకు తిరిగి, నడుము గుండ్రంగా వంగితేనే పొత్తికడుపు గట్టిగా బిగుస్తుంది. అతను ఆ ముందు సగమే చేస్తున్నాడు.

అందుకే మళ్లీ మొదటికొచ్చాం. ముందు ఉత్తగా వేలాడటం. బొటనవేలు బార్ చుట్టూ తిప్పి పట్టుకుని, భుజాలు చెవుల్లోకి దూరకుండా కొంచెం కిందికి లాగి ఉంచాలి. కదలకుండా 30 సెకన్లు నిలవగలిగాకే తర్వాతి మెట్టు.

ఇప్పుడు మోకాళ్లు. రెండూ మడిచి ఛాతీ వైపు తెస్తూ, పైకి రాగానే పిరుదులను కూడా ముందుకు చుట్టాలి. ఒక క్షణం ఆగి, మూడు అంకెలు లెక్కపెడుతూ దించాలి. ఊపు వస్తే కాలి వేళ్లు నేలకు ఆనించి, ఆగాక తర్వాతిది. సరిగా చేస్తున్నామో లేదో ఫోన్‌లో పక్క నుంచి వీడియో తీస్తే తెలిసిపోతుంది. నడుము నిటారుగానే ఉండి తొడలు మాత్రమే లేస్తుంటే ఇంకా సగం పనే. పది చొప్పున మూడు సెట్లు శుభ్రంగా వచ్చేదాకా ఇక్కడే ఉండండి. విసుగ్గానే ఉంటుంది.

ఆ తర్వాత నాకు బాగా పనికొచ్చిన మెట్టు ఇది: మోకాళ్లు మడిచి ఎత్తి, పైన కాళ్లు చాపి, చాపిన కాళ్లనే నెమ్మదిగా దించడం. ఎత్తడం కంటే దించడం తేలిక కాబట్టి బలం ముందు అక్కడే వస్తుంది. ఐదేసి చొప్పున మూడు సెట్లు చాలు. నడుము వెనక్కి విల్లులా వంగిందంటే ఆ సెట్ అక్కడితో ఆపాలి. ఇది కుదిరాక రెండు కాళ్లూ చాపి ఎత్తండి, మూడో నాలుగో వచ్చినా సరే. తొడ వెనక కండరాలు బిగుసుకుని కాళ్లు పూర్తిగా చాపలేకపోతే మోకాళ్లు కొద్దిగా వంచుకోండి, తప్పేం కాదు.

చాలామందికి పొట్ట కంటే ముందు చేతులే జారుతాయి. మన ఎండాకాలం చెమటకు మరీ. చేతులు, బార్ తుడుచుకోవాలి. అప్పుడూ పట్టు సడలితే చివర్లో వేలాడే సెట్లు రెండు కలపండి. వారానికి మూడు రోజులు చాలు. భుజంలో పోటు వస్తే మాత్రం దిగిపోవాలి.

ఆ పిల్లగాడు రెండు నెలలకు మళ్లీ కనిపించాడు. పన్నెండు కాదు, ఆరే చేశాడు. ఒక్కదానికీ ఊగలేదు.